రవళికి, ఈ రాత్రి మేడ మీద

(తెర మీద: ఆర్‌కే బీచ్‌లో కురుసుర జలాంతర్గామి ముందు దిగిన పాత గ్రూపు ఫొటో. సౌమ్య గొంతు మొదలవుతుంది.)

రవళీ, మాట్లాడుతున్నది సౌమ్యని.

నువ్వు కెనడా వెళ్తున్నావని, నువ్వు లేని గ్రూపు ఒకటి పెట్టుకున్నాం, ఈ వీడియో కోసమే. రవళి గురించి ఏదైనా పంపండి అంటే ఎవరికి తోచింది వాళ్లు పంపారు. రాజు హార్బర్‌లో ఇంజన్ల మోత మధ్య వాయిస్ పెట్టాడు. గౌరి అర్ధరాత్రి దాటాక ముక్కలు ముక్కలుగా రాసింది. శ్రీను రాసి, తీసేసి, మళ్లీ రాశాడు. హారిక ఫొటోలు మాత్రమే పంపింది, కింద ఒక్క మాట లేదు. అన్నీ దగ్గర పెట్టుకుని వరస కుదిర్చి చదువుతున్నాను. మాటలు వాళ్లవి, అతుకులు నావి. కొన్నిచోట్ల సరిచెయ్యలేదు. సరిచేస్తే వాళ్ల గొంతు పోతుంది.

(తెర మీద: హుద్‌హుద్ తర్వాత వీధి. రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లు.)

ముందు గౌరిది. ఈ ఫొటో దాని ఫోన్‌లోదే. 2014 అక్టోబర్ 12, ఆదివారం. ఆ రోజు వైజాగ్‌లో ఉన్నవాళ్లెవరికీ ఆ గాలి చప్పుడు గురించి మళ్లీ చెప్పక్కర్లేదు. గౌరి ఇలా రాసింది:

"మా రేకులు ఎగిరిపోయాయి. కరెంటు లేదు, ఫోన్లు లేవు. అమ్మ, నేను, తమ్ముడు ఒక్క గదిలో ముడుచుకుని పడున్నాం. మర్నాడు ఎవరో గేటు కొడుతున్నారు. చూస్తే ఇది. చెప్పు తెగిపోయింది, ఒళ్లంతా బురద. ఎంవీపీ కాలనీ నుంచి అక్కయ్యపాలెం దాకా పడిపోయిన చెట్లు దాటుకుంటూ నడిచొచ్చింది. చేతిలో కొవ్వొత్తులు, బ్రెడ్డు. 'ఎలాగున్నారో చూసి పోదామని వచ్చాను' అంది. అప్పటికి మేం పెద్ద ఫ్రెండ్సేం కాదు. నర్సింగ్ ఫస్టియర్‌లో పక్క బెంచీ, అంతే. దాని ఇంట్లో కూడా నీళ్లు లేవని తరవాతెప్పుడో తెలిసింది."

గౌరి ఇంకో మెసేజ్ కూడా పెట్టింది, విడిగా: "అప్పట్నుంచి ఎవరైనా ఫోన్ ఎత్తకపోతే నాకు టెన్షన్ రాదు. రవళి ఉంది కదా, వెళ్లి చూస్తాది అనుకుంటాను."

(తెర మీద: అరకు రైలు కిటికీ. అందరి తలలూ బయటికి.)

రాజు పంపిన వాయిస్ సగం వినబడలేదు. వినబడినంత వరకు: కిరండూల్ పాసింజర్‌లో సొరంగం వచ్చినప్పుడల్లా అందరికన్నా గట్టిగా అరిచింది నువ్వేనట. పక్క బోగీలో పెద్దాయన వచ్చి తిట్టబోతే, ఆయన చేతికి వేరుశనక్కాయలు పెట్టి కూర్చోబెట్టావట. బొర్రా గుహలు వచ్చేసరికి ఆయనా అరుస్తున్నాడు. చివర్లో రాజు, "ఏటే, ఎల్లిపోతావా నిజంగా?" అన్నాడు. తరవాత చాలాసేపు ఇంజన్ శబ్దమే ఉంది. అది కత్తిరించాను.

శ్రీనుది గిరి ప్రదక్షిణ. ముప్పై రెండు కిలోమీటర్లు నడుస్తానని అందరికన్నా ముందు బయల్దేరింది వాడే. ఎన్ఏడీ దగ్గర ఫుట్‌పాత్ మీద కూలబడి నా వల్ల కాదన్నదీ వాడే. మేమంతా "కొంచెమేరా, లే" అన్నాం. నువ్వు ఏమీ అనకుండా పక్కన కూర్చుని వాడి పాదాలకు నూనె రాశావు. "సింహాద్రి అప్పన్న ఎక్కడికీ పోడు, మెల్లగా వెళ్దాం" అన్నావు. తెల్లారేసరికి ఇద్దరూ తొలిపావంచా దగ్గరున్నారు. శ్రీను రాసింది: "దేవుణ్ని ఏం కోరుకున్నావని అందరూ అడిగారు. ఏమీ కోరుకోలేదు. రవళి చెయ్యి పట్టుకుని నిలబడ్డాను, చాలనిపించింది."

ఇప్పుడు ఫాతిమాది. ఇది చదవడానికి నాకు ధైర్యం కావాలి. చదవమని తనే పట్టుబట్టింది.

"2021 మేలో మా అబ్బా ఐసీయూలో ఉన్నప్పుడు మమ్మల్ని లోపలికి రానివ్వలేదు. రోజూ నీ డ్యూటీ అయ్యాక ఫోన్ చేసి ఆక్సిజన్ ఎంతుందో, ఎన్ని చెంచాల జావ తాగాడో చెప్పేదానివి. తగ్గిన రోజు తగ్గిందనే చెప్పావు, అబద్ధం ఆడలేదు. ఒక రాత్రి ఫోన్ రాలేదు, నువ్వే వచ్చావు. ముఖం మీద మాస్కు గీతలు అలాగే ఉన్నాయి. అబ్బా చివరి దాకా నీ చెయ్యి వదల్లేదని చెప్పావు. మా వాళ్లెవరూ పక్కన లేకపోయినా ఆయన ఒంటరిగా పోలేదు. ఇది నీకు నోటితో ఎప్పుడూ చెప్పలేకపోయాను."

(తెర మీద: హారిక పంపిన ఫొటోలు, మాటల్లేకుండా. ఆఖరిది ఈ మేడ మీదే: చేతిలో పుస్తకం, పక్కన చల్లారిన టీ.)

ఆ ఆఖరి ఫొటోలో ఉన్నది నర్సుల లైసెన్సు పరీక్ష ఎన్‌క్లెక్స్‌కి చదువుతున్న రవళి. నైట్ డ్యూటీ చేసొచ్చి, రెండు గంటలు పడుకుని, ఇక్కడ కూర్చుని ప్రశ్నలు అడిగించుకునేది. అడిగింది నేనే. సగం మందుల పేర్లు నాకు పలకడం రాదు, అయినా జవాబు చెప్పేసేది. కెనడా ఎవరో నీ చేతిలో పెట్టింది కాదే. అది నిద్ర మానుకుని నువ్వు సంపాదించుకున్నది. వదిలేసి వెళ్తున్నానని నిన్న ఏడ్చావు చూడు, అది నేను ఒప్పుకోను.

నీ అసలు బెంగ మాకు తెలుసు. ఆంటీ, అంకుల్, మీరు కూడా ఇక్కడే ఉన్నారు కాబట్టి మీ ముందే చెబుతున్నాం. అంకుల్ బీపీ, షుగర్ మాత్రలు నెల నెలా ఫాతిమా తన షాపు నుంచి తెచ్చిస్తుంది, రక్తపరీక్ష తేదీలు కూడా తనే చూసుకుంటుంది. మార్గశిరంలో గురువారాలు ఆంటీని బురుజుపేట కనకమహాలక్ష్మి గుడికి హారిక తీసుకెళ్తుంది, ఆ క్యూలో తనూ నిలబడుతుంది. ఆదివారం చేప రాజుది. వంజరం దొరికితే వంజరం, లేకపోతే ఏది తాజాగా ఉంటే అది. అంకుల్, బేరం ఆడకండి, వాడు డబ్బులు తీసుకోడు. రాత్రిపూట ఏ అవసరం వచ్చినా గౌరికి ఫోన్ చెయ్యండి. ఈ ఇంటికి నడిచి రావడం తన వంతు అంటోంది.

శ్రీను పోర్టు మనిషి కదా, నువ్వు వెళ్తున్న హాలిఫాక్స్ మ్యాపు తీసి కూర్చున్నాడు. అదీ మన హార్బర్ లాగే సహజంగా ఏర్పడిన రేవేనట. అక్కడా సముద్రం తూర్పునే, పొద్దు నీళ్ల మీంచే వస్తుందట. ముప్పై ఏళ్లు పోర్టులో చేసిన అంకుల్‌కి ఈ సంగతి నచ్చుతుందని మరీ మరీ చెప్పమన్నాడు.

చలికి మాత్రం మాలో ఎవరి దగ్గరా మందు లేదు. మంచి కోటు, మంచి బూట్లు కొనుక్కో. అందులో పొదుపు చేస్తే ఊరుకోం. మొదటి జీతం మొత్తం ఇంటికి పంపేస్తానన్నావు, అది కూడా ఆంటీ వద్దన్నారు. ఆంటీ, అన్నారు కదా?

ఆదివారం ఉదయం ఏడింటికి మేం ఇక్కడ మేడ మీద ఉంటాం. అప్పుడు నీకు శనివారం రాత్రి, వేసవిలో పదిన్నర, చలికాలంలో తొమ్మిదిన్నర. వీడియో కాల్ మేమే చేస్తాం. ముందు వంటగది చూపించు, ఏం వండుకున్నావో చూడాలి. డ్యూటీలో ఉంటే ఎత్తకు, ఏమీ అనుకోం. తర్వాతి ఆదివారం మళ్లీ చేస్తాం.