మోకాలి ఆపరేషన్ దృష్ట్యా కింది అంతస్తులో గది కోసం విన్నపం

తిరుపతి,
18-08-2025.

హాస్టల్ వార్డెన్ గారికి,
పురుషుల హాస్టల్, సి బ్లాక్.

విషయం: 214వ గది నుంచి 104వ గదికి నవంబరు నెలాఖరు వరకు మార్చవలసిందిగా విన్నపం.

అయ్యా,

నేను బి.టెక్. సివిల్ మూడో సంవత్సరం విద్యార్థిని. ఎడమ మోకాలిలో తెగిన ఏసీఎల్ లిగమెంటుకు ఆగస్టు 4న ఆపరేషన్ జరిగింది. మోకాలి ఎముకల మధ్య మెత్తలా ఉండే మెనిస్కస్ చిరగడంతో దానికి కుట్లు కూడా వేశారు. ఈ నెల 25, సోమవారం హాస్టల్‌కు వస్తున్నాను.

డాక్టర్ గారి సర్టిఫికెట్ జతపరిచాను. అందులో రాసినవి ఇవి: ఆరు వారాలు, అంటే సెప్టెంబరు 15 వరకు, చంక కర్రలు, మోకాలి బ్రేస్ తప్పనిసరి. ఎడమ కాలిపై పూర్తి బరువు మోపకూడదు. మోకాలు 90 డిగ్రీలు దాటి వంచకూడదు. మెట్లు వీలైనంత వరకు వద్దు. నాలుగు నెలలు గొంతుక్కూర్చోకూడదు.

నా గదికి 44 మెట్లు, లిఫ్టు లేదు. టిఫిను, క్లాసు, భోజనం కలిపితే రోజుకు కనీసం మూడుసార్లు ఎక్కి దిగాలి. ఎక్కడం కంటే దిగడమే ప్రమాదం. చంక కర్ర జారితే శరీరం బరువంతా కుట్లు పడిన కాలి మీదే పడుతుంది.

మెట్ల కంటే పెద్ద చిక్కు మరుగుదొడ్డి. మా అంతస్తులో అన్నీ ఇండియన్ టైపువే. కమోడ్ ఉన్నది కింద, 104వ గది పక్కన మాత్రమే. కర్రలు వదిలేశాక కూడా గది కావాలని అడగడానికి కారణం ఇదే. పైగా లిగమెంటు స్థానంలో పెట్టిన టెండన్ ఆపరేషన్ తర్వాత మొదటి రెండు మూడు నెలల్లో బలహీనంగా ఉంటుందట. నొప్పి తగ్గి బాగానే నడుస్తున్నట్టు కనిపించే రోజులు కూడా అవే.

104వ గదిలోని రెండో సంవత్సరం విద్యార్థి ఒకరు నా మంచానికి మారడానికి ఒప్పుకున్నారు. ఆయన సంతకంతో అంగీకార పత్రం ఇస్తున్నాను. అందువల్ల కొత్తగా గది ఖాళీ చేయించనక్కర్లేదు. ఫీజు, డిపాజిట్ ఎవరివి వారికే ఉంచి రిజిస్టరులో గది నంబర్లు మార్చితే సరిపోతుంది. సామాను 24వ తేదీ ఆదివారం మా నాన్నగారు, గదిలోని మిత్రులు దించుతారు.

మరో మూడు చిన్న సౌకర్యాలు కోరుతున్నాను. సెప్టెంబరు 15 వరకు రాత్రి భోజనం గదికి తెచ్చుకోవడానికి నా రూమ్మేట్‌కు అనుమతి ఇవ్వండి. మెస్ ఫ్రిజ్‌లో రెండు ఐస్ ప్యాకులు పెట్టుకోనివ్వండి. కమోడ్ ఉన్న బాత్‌రూమ్‌లో ఒక రబ్బరు మ్యాట్ వేయించండి. తడి టైల్స్ మీద కర్రల కింది రబ్బరు బుడిపెలు నిలవవు.

25వ తేదీకి ముందే ఉత్తర్వు ఇప్పిస్తే నేరుగా కింది గదిలోకే దిగుతాను.

ఇట్లు,
తమ విధేయుడు,
కె. హేమంత్ కుమార్,
గది నం. 214.

జతపరచినవి: డాక్టర్ సర్టిఫికెట్, డిశ్చార్జి సమ్మరీ నకలు, గది మార్పిడి అంగీకార పత్రం, నాన్నగారి సంతకంతో లేఖ.