రోల్ నంబర్ 37
(పదో తరగతి, 1993 బ్యాచ్ కలిసిన రోజు చదవడానికి)

వినబడుతోందా వెనక బెంచీ?
ముందు బెంచీని అడగను,
వాళ్ళు ఎలాగూ వినరు, నోట్సు రాసుకుంటారు.

ముందుగా ఒక ముచ్చట.
మనం ఏమీ మారలేదట!
పొద్దుట్నుంచి ముప్ఫైసార్లు విన్నా ఈ మాట.
గేటు దగ్గర నన్ను చూసి ఒకడు
"అంకుల్, కారు కొంచెం పక్కకు తీస్తారా" అన్నాడు.
మూడేళ్ళు నా బెంచీలోనే కూర్చున్నోడు.

జుట్టున్నవాడు రంగేశాడు,
లేనివాడు టోపీ పెట్టాడు.
అదిగో, ఆ మూల చూడండి,
చక్కెర లేని చాయ్ కావాలని గట్టిగా అడిగి
నాలుగో ఉస్మానియా బిస్కెట్ ముంచుతున్నాడు.
ముంచరా ముంచు, మీ ఆవిడకు చెప్పం.

మన గ్రూపు సంగతి చెప్పనే అక్కర్లేదు.
పొద్దున ఆరింటికి గులాబీ పువ్వు,
ఏడింటికి ఇంకో గులాబీ పువ్వు,
ఎవరన్నా పోతే నూట ఎనిమిది దండాలు,
ఆ వెనకే కోకాపేటలో ప్లాటు ఉందని ఒక ఫోటో.
ఎలక్షన్లప్పుడు అలిగి ఇద్దరు వెళ్ళిపోయారు,
బిర్యానీ అనగానే ఇద్దరూ వచ్చేశారు.
ఇదిగో, ఒకే సోఫాలో ఉన్నారు!

మన క్లాస్ ఫస్టు కూడా వచ్చింది.
ఆవిడ లెక్కల నోట్సు
మగపిల్లల వరస మొత్తం తిరిగొచ్చేది,
తిరిగొచ్చేసరికి దాని మీద చింతపండు మరకలు.
ఎ ప్లస్ బి హోల్ స్క్వేర్ మధ్యలో
టూ ఎబి మరిచిపోనిది ఆవిడొక్కతే.
ఇంటర్ మధ్యలో పెళ్ళి.
ఇందాక మైకులో పరిచయం చేసుకుంటూ
మొదట వాళ్ళాయన ఉద్యోగం చెప్పింది,
తర్వాత కొడుకు ఉద్యోగం చెప్పింది.
చప్పట్లు కొట్టాం.
టూ ఎబి సంగతి ఎవరం ఎత్తలేదు.

సరే, గుర్తుందా మీకు?
జూ పార్కుకు పోయే 7జెడ్ డబుల్ డెక్కర్,
మెట్లెక్కి పైఅంతస్తు ముందు సీటు కోసం
మనం చించుకున్న చొక్కాలు.
ఏటా జనవరిలో నాంపల్లి నుమాయిష్,
జేబులో పది రూపాయలు,
చూసినవి పది వేల రూపాయల సామాన్లు.
గోడ కుర్చీలో తొడలు వణుకుతుంటే
పక్కవాడి తొడలు చూసి నవ్విన నవ్వు.

ఇంకొకటి గుర్తుండే ఉంటుంది.
1990 మార్చిలో, మన ఏడో తరగతిలో,
హుస్సేన్ సాగర్‌లో బుద్ధుడు మునిగిపోయాడు.
వందల టన్నుల రాయి,
దానితోపాటు మనుషులు కూడా.
బుద్ధుణ్ణి పైకి తీస్తారా తీయరా అని
రోజూ టిఫిన్ దగ్గర పందేలు కట్టాం.
మునిగిన మనుషుల పేర్లు
మనం అడగలేదు, మనకెవరూ చెప్పలేదు.
1992 డిసెంబరులో, మన పదో తరగతిలో,
బుద్ధుడు లేచి నిలబడ్డాడు.
పందెం గెలిచినవాడికి ఒక సమోసా.

ఆ సమోసా గెలిచింది ముప్పై ఏడు.

హాజరు పట్టీలో ముప్పై ఆరు నేను,
ముప్పై ఏడు వాడు.
నా "ప్రెజెంట్ సార్" తోక పట్టుకుని
వాడి "ప్రెజెంట్ సార్" వచ్చేది.
సమోసా సగానికి తుంచి
పెద్ద ముక్క నాకిచ్చాడు.

నెల నెలా పదో తారీఖు దాటితే
అటెండర్ చీటీ తెచ్చేవాడు.
అందులో పేర్లుండేవి కాదు, నంబర్లు.
పన్నెండు. పంతొమ్మిది. ముప్పై ఏడు.
నెలకు అరవై రూపాయలు కట్టనివాళ్ళు
లేచి వరండాలో నిలబడాలి.
పన్నెండు రెండ్రోజుల్లో లోపలికొచ్చేవాడు,
పంతొమ్మిది వారంలో వచ్చేది.
ముప్పై ఏడు మాత్రం
కిటికీ చువ్వలు పట్టుకుని
బయటి నుంచే లెక్కలు నేర్చుకున్నాడు.
పెదాలు కదిలేవి, నేను చూసేవాణ్ణి,
మనకంటే ముందే జవాబు చెప్పేవాడు, గొంతు లేకుండా.

ఒకరోజు బోర్డు మీద ఎండ పడుతోందని
కిటికీ మూయమన్నారు లెక్కల సార్.
సార్, మీరు శాలువా కప్పుకుని ఇక్కడే కూర్చున్నారు,
ఇది మీ మీద చాడీ కాదు సార్.
కిటికీ పక్కన కూర్చున్నది నేను.
వాడు చువ్వల మీంచి వేళ్ళు తీసుకున్నాడు,
రెక్క తగలకుండా.
నేను మూశాను.
గడియ పెట్టానో లేదో గుర్తు లేదని
ముప్ఫై రెండేళ్ళుగా నాకు నేనే చెప్పుకుంటున్నా.
పెట్టాను.

పేపర్లో రిజల్ట్సు వచ్చిన రోజు
హాల్ టికెట్ నంబర్ల వరసలో
వేళ్ళు పెట్టుకుని మనని మనం వెతుక్కున్నాం.
వాడిది వెతకలేదు.
వాడికి హాల్ టికెట్టే రాలేదు.

ఇక గ్రూపు పెట్టాక
అమెరికా నుంచి ఇద్దర్ని పట్టాం,
దుబాయ్ నుంచి ఒకణ్ణి పట్టాం,
పేరు మార్చుకుని సినిమాల్లో తిరిగేవాణ్ణీ పట్టాం.
కోఠీ మనకు దూరమైపోయింది.

పోయిన నెల మా అమ్మాయి పుస్తకం అట్ట ఊడితే
కోఠీలో పాత పుస్తకాల వరసలోకి వెళ్ళా.
బైండింగ్ చేసే మనిషి తల ఎత్తలేదు,
గోళ్ళల్లో ఎండిన మైదా జిగురు,
పళ్ళ మధ్య దారం.
కుట్టు వేసి, ముడి కొరికి, అప్పుడు చూశాడు.
"ముప్పై ఆరువు కదా నువ్వు?" అన్నాడు.

చేతిలో పర్సు అట్లనే ఉంది.
"పైసలు జేబులో పెట్టుకో, దోస్తు దగ్గర తీసుకుంటనా" అన్నాడు.
బిడ్డ ఇంజనీరింగ్ అట,
ఫీజు ఒక్కసారి కూడా లేట్ చేయలేదట.
ఆ ముక్క రెండుసార్లు చెప్పాడు.

ఇవాళ్టి పార్టీ గురించి చెప్పా.
"ఎంతరా?" అన్నాడు.
తలకు రెండు వేల ఐదు వందలు అన్నా.
నవ్వాడు. మంచిగనే నవ్వాడు.
"అయితే చీటీ వచ్చిందన్నమాట" అన్నాడు.

మీరందరూ ఇప్పుడు ఫోన్లు చూసుకుంటున్నారు.
చూసుకోండి, నేనూ ఆరోజు ఫోన్ చూసుకున్నా.
తర్వాత ఒక అబద్ధం ఆడా,
"ఒకడు రావట్లేదు, ప్లేటు ఖాళీగా ఉంది" అని.
అబద్ధమని వాడికి తెలిసిపోయింది.
లెక్కల్లో వాడు మనకంటే గట్టి.
"దుకాణం ఎనిమిదికి బంద్ చేస్తా, చూస్తలే" అన్నాడు.

ఇప్పుడు ఎనిమిదీ నలభై అవుతోంది.
కోఠీ నుంచి బస్సులో రావాలి, ట్రాఫిక్ మీకు తెలుసు.
అడ్మిన్ గారూ, గ్రూపు ఫోటో కొంచెం ఆపండి.
బఫే మూతలు అప్పుడే తీయకండి.
రావచ్చు, రాకపోవచ్చు,
రాకపోతే తప్పు పట్టే ముఖం నాకు లేదు.

తలుపు పక్కన కూర్చున్నదెవరు?
పన్నెండు కదూ? బాగున్నవా పన్నెండూ?
ఆ తలుపు కాస్త తీసి పెట్టు నాయనా.
ఏసీ పోతే పోనీ.