సొనాటా ఫామ్: రెండో థీమ్ ఏ కీలో ఉంది?

సోమవారం క్లాసుకు వచ్చేలోపు మోత్సార్ట్ సి మేజర్ పియానో సొనాటా, కె. 545, మొదటి మూవ్‌మెంట్ రెండుసార్లు వినండి. 1788 నాటి రచన, 73 బార్లే. బార్ల నంబర్లున్న కాపీ ఎదురుగా పెట్టుకుని ఇది చదవండి.

మీలో చాలామంది కర్ణాటక సంగీతం నేర్చుకుని వచ్చారు. అక్కడ కచేరీ మొదలు నుంచి మంగళం దాకా తంబూరా శ్రుతి కదలదు. ఇక్కడ ఆధార షడ్జమమే చోటు మారుతుంది. ట్యూన్లు మాత్రం గుర్తుపెట్టుకుని కీలను వదిలేస్తే సొనాటా ఫామ్ పట్టుబడదు.

ముందు ఎక్స్‌పొజిషన్, 1 నుంచి 28 బార్లు. మొదటి థీమ్ టోనిక్‌లో, అంటే సి మేజర్‌లో. తర్వాత పరుగెత్తే స్కేళ్లే ట్రాన్సిషన్. ఆ పని అయ్యాక 14వ బారులో రెండో థీమ్ జి మేజర్‌లో వస్తుంది. జి అంటే డామినెంట్. మీ భాషలో చెప్పాలంటే, పంచమం కాసేపు తానే షడ్జమమై కూర్చుంది. మేజర్ కీలో మొదలైతే మామూలుగా వెళ్లేది ఇక్కడికే. మైనర్‌లో మొదలైతే ఎక్కువగా రిలేటివ్ మేజర్‌కు వెళ్తుంది: బేతోవెన్ ఓపస్ 2 నంబర్ 1 ఎఫ్ మైనర్‌లో మొదలై, రెండో థీమ్‌కు ఎ ఫ్లాట్ మేజర్ వైపు మళ్లుతుంది.

మోత్సార్ట్ కె. 545లో డెవలప్‌మెంట్ 13 బార్లే. ఎక్స్‌పొజిషన్ చివరి ముక్కను పట్టుకుని జి మైనర్‌లో మొదలుపెడతాడు, డి మైనర్, ఎ మైనర్ మీదుగా పోతాడు. ఏ కీలోనూ నిలవనివ్వడు. ఆ నిలకడ లేకపోవడమే ఈ భాగం స్వభావం.

ఇక రీక్యాపిట్యులేషన్. మామూలుగా మొదటి థీమ్ టోనిక్‌లో తిరిగొస్తుంది, రెండో థీమ్ కూడా ఈసారి టోనిక్‌లోనే వస్తుంది. ఎక్స్‌పొజిషన్‌లో దూరంగా నిలబడిన థీమ్ సొంతింటికి చేరడం, నా లెక్కలో, ఈ రూపం మొత్తానికీ ప్రాణం. పైన చెప్పిన బేతోవెన్‌లో అది ఎఫ్ మైనర్‌లోకి వస్తుంది. మేజర్‌లో వెలిగిన అదే ట్యూన్‌కు నీడ కమ్ముతుంది, తప్పక వినండి. కొన్ని రచనల్లో ఆఖరున కోడా కూడా ఉంటుంది.

కె. 545లో మాత్రం 42వ బారులో మొదటి థీమ్ ఎఫ్ మేజర్‌లో, అంటే సబ్‌డామినెంట్‌లో వస్తుంది. ఇది అరుదు, నియమం అనుకోకండి. సి నుంచి జికి ఎంత దూరమో ఎఫ్ నుంచి సికి అంతే. కాబట్టి ఎక్స్‌పొజిషన్‌ను ఉన్నదున్నట్టు కిందికి దించి రాసినా 59వ బారులోని రెండో థీమ్ సి మేజర్‌కు చేరేదే. అయినా మోత్సార్ట్ అలా వదలలేదు, ట్రాన్సిషన్‌లో నాలుగు బార్లు పెంచాడు. 46వ బారు నుంచి ఎడమచేతిని గమనిస్తూ, ఆ నాలుగూ ఎక్కడున్నాయో పెన్సిల్‌తో గుర్తుపెట్టుకుని రండి.