కాశిమేడు షూట్: క్లోజప్‌లకు మెటీరియల్ మాటలు

ఆర్ట్, లైటింగ్, కలర్ టీమ్‌లకు. షాట్ షీట్‌లో "పాత ఇనుము", "రిచ్ లెదర్" అని రాస్తే ఒక్కొక్కరికి ఒక్కోటి తోస్తుంది. దగ్గరికి వెళ్తే ఏం కనిపించాలో, వెలుగు ఎటు పడాలో రాద్దాం. కింద కొటేషన్లలో ఉన్నవి షీట్‌లో అలాగే ఎక్కించండి.

తుప్పు పట్టిన ఇనుము (లంగరు, గొలుసు, పడవ తలుపు)
హార్బర్ ఉప్పుగాలికి చెన్నైలో దీనికి కొదవ లేదు, కానీ తుప్పంతా ఒకటి కాదు. కొత్తది నారింజ పొడి, వేలికి అంటుతుంది. పాతది ముదురు గోధుమ రంగులో పెచ్చులు పెచ్చులుగా లేస్తుంది, పెచ్చు ఊడిన చోట గుంట పడుతుంది. పెయింట్ కింద పట్టిన తుప్పు ఇంకా బాగుంటుంది, నాకు కావాల్సింది అదే: "నీలం పెయింట్ బుడగలా ఉబ్బి, అంచు పగిలి, లోపల నారింజ పొడి. బోల్టు కింద గోధుమ చార." లైటు పక్క నుంచి, బాగా కిందికి దించి వేయాలి. ఎదురుగా వేస్తే పెచ్చులన్నీ చదునైపోతాయి. మెరుపు కోసం దయచేసి నూనె పూయకండి. దొరక్కపోతే పుదుపేటలో పాత బండి సామాన్లు చూడండి. రంగు వేసి చేసిన తుప్పు మాత్రం వద్దు.

హెయిర్‌లైన్ స్టీలు (లిఫ్ట్ తలుపు)
"నిలువు సన్న గీతలు. బల్బు వెలుగు వాటికి అడ్డంగా సాగిన మెత్తటి చార." తుడిచేటప్పుడు గీత వెంబడే తుడవండి. ఒక వేలిముద్ర ఉంచుదాం.

తడి తోలు (చెప్పు)
రెక్సిన్ తేవద్దు, పెరియమేట్‌లో అసలు తోలే కొనండి. రెక్సిన్ నీళ్లు పీల్చదు, చుక్కలు పైనే నిలుస్తాయి, కెమెరాకి ఇట్టే దొరికిపోతుంది. పాలిష్ లేని తోలు నీళ్లు తాగి ముదురు రంగుకు మారుతుంది. "మడమ దగ్గర ముదురు మచ్చ, దాని అంచు మసక. మడతలో సన్నటి నీటి మెరుపు. కుట్టు దారం ఉబ్బి ఉంది." పట్టీ మీద నిలిచే చుక్కలకు నీళ్లలో కాస్త గ్లిజరిన్ కలపండి. తోలు ఆరితే మచ్చ మారిపోతుంది, రెండో జత ఉంటే నాకు టెన్షన్ ఉండదు.

ముతక లినెన్ (చొక్కా చేయి)
ముతక అన్నాను కదా అని గోనెపట్టా తేకండి. "పోగు ఒకచోట లావు, ఒకచోట సన్నం. అంచున లేచిన నార. మోచేతి దగ్గర పదునైన ముడత." ఇస్త్రీ వద్దు.

ఫోకస్ సంగతి: 1:1 మాక్రోలో f/8 పెట్టినా ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి స్పష్టంగా వచ్చేది ఇంచుమించు ఒక మిల్లీమీటరే. అందుకే ప్రతి షాట్ పక్కన ఫోకస్ దేని మీదో రాయండి: పెచ్చు అంచా, గుంట అడుగా, దారమా.

కలర్‌లో తుప్పు నారింజను పెంచకండి. పెంచితే పక్కనున్న నీలం పెయింట్ చచ్చిపోతుంది.