ఈ వారం తీయాల్సిన మూడు రీల్స్

చిన్నా, ఫోన్ నిలువుగానే పట్టుకో. ముందే తీసి పెట్టుకున్న మ్యూజిక్ ఏదీ వద్దు, అసలు చప్పుళ్లే కావాలి.

రీల్ 1: టీలో రాగి బెల్లం బిస్కెట్ (30 సెకన్లు)

సాయంత్రం వంటింటి కిటికీ వెలుగు. గాజు గ్లాసులో పొగలు కక్కే అల్లం టీ. అత్తయ్య చేతులు మాత్రమే కనిపించాలి, గాజుల గలగలతో సహా.

బిస్కెట్ రెండుగా విరుస్తారు. టక్‌మన్న చప్పుడు వినిపించాలి. విరిగిన అంచు బాగా దగ్గరగా.

నా గొంతు: "రాగిపిండిలో గ్లూటెన్ ఉండదండీ. ఒట్టి రాగితో చేస్తే చేతిలోనే పొడైపోతుంది. అందుకే కొంచెం గోధుమపిండి కలుపుతాం. ఆ మాట డబ్బా మీద కూడా రాశాం."

సగం ముక్క టీలోకి. ఇక్కడ కట్ చేయకు, చేస్తే మార్చామనుకుంటారు. ఒకటి, రెండు, మూడు... పైకి. అంచు నుంచి ఒక చుక్క జారుతుంది, ముక్క నిలబడే ఉంటుంది.

నా గొంతు: "మూడు లెక్కపెట్టి తీసేయండి. ఇంకాసేపు ఉంచితే గ్లాసు అడుక్కి పోతుంది."

అత్తయ్య: "తీపి మొహం మొత్తట్లేదే అమ్మాయ్."

మూత బిగిస్తున్న షాట్. నా గొంతు: "బెల్లం గాలిలో తేమని లాక్కుంటుంది. తిన్నాక మూత గట్టిగా పెట్టండి, లేకపోతే కరకర పోతుంది."

స్క్రీన్ మీద: పావుకిలో డబ్బా 180 రూపాయలు. లేబుల్ మీద ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నంబరు చదవగలిగేలా ఒక్క క్షణం ఆపు.

రీల్ 2: మే నెల బెజవాడలో క్రీమ్ కేక్ (25 సెకన్లు)

కేక్ పెట్టె మా ఫ్రిజ్‌లోంచి కారులోకి. బావగారు ఒళ్లో పెట్టుకోబోతారు, నా చెయ్యి అడ్డం వస్తుంది.

నా గొంతు: "ఒళ్లో వద్దండీ! అక్కడ వాలుగా ఉంటుంది, ఒంటి వేడీ తగులుతుంది. సీటు ముందు, కాళ్ల దగ్గర సమంగా పెట్టండి. ఏసీ ముందే వేసి కారు చల్లబరచండి."

ఇంటికొచ్చాక పెట్టె తెరిచే షాట్. పూల అంచులు చెదరలేదు. వేడినీళ్లలో ముంచి తుడిచిన చాకుతో ఒకటే కోత. ప్రతి కోతకీ మళ్లీ ముంచి తుడవాలి. ఈ షాట్ కూడా ఉంచు, పొరలు విడివిడిగా కనిపించేది అందుకే.

స్క్రీన్ మీద: కేక్ కావాలంటే రెండు రోజుల ముందు మెసేజ్ పెట్టండి.

రీల్ 3: నిన్నటి పాల బన్ (15 సెకన్లు)

అట్లపెనం మీద నెయ్యి. బన్ మధ్యకి కోసి బోర్లిస్తాం, చుయ్యిమంటుంది. మధ్యలో మిగిలిన బంగాళాదుంప కూర. పిల్లాడి స్కూలు డబ్బాలోకి.

నా గొంతు: "బన్‌ని ఫ్రిజ్‌లో పెట్టకండి, ఇంకా తొందరగా గట్టిపడుతుంది. మరుసటి రోజు ఇలా పెనం మీద వేడిచేయండి."

స్క్రీన్ మీద: ఆరు బన్లు 90 రూపాయలు. మంగళ, శుక్రవారాల్లో ఉదయం ఏడింటికి వేడిగా.