ఉగాది నాడు చిన్నాకు అమ్మ రాసిన ఉత్తరం

మర్రిగూడ మండలం, నల్లగొండ జిల్లా
30 మార్చి 2025, ఆదివారం

చిన్నా,

ఎట్లున్నావు బిడ్డా? ఈ రోజు ఉగాది. పొద్దున్నే పచ్చడి చేశాను, చెల్లె నీ వంతు ఒక గ్లాసులో తీసి దేవుడి దగ్గర పెట్టింది. బక్షాలు చేశాను. మీ నాయిన రేపు పట్నం వస్తున్నాడు, ఆయనతోనే ఈ ఉత్తరమూ బక్షాలూ పంపుతున్నాను. ఫోన్‌లో అయితే నీ వెనక పిల్లలు లైన్లో నిలబడి ఉంటారు, నువ్వు "సరే అమ్మా, సరే అమ్మా" అంటావు, నేను అనాలనుకున్నది గొంతులోనే ఉండిపోతుంది. అందుకే రాస్తున్నాను.

నువ్వు గురువారం రాసిన నీట్ ప్రాక్టీస్ టెస్ట్ మార్కుల షీట్ నిన్న రాత్రి కాలేజీ నుంచి వాట్సాప్‌లో వచ్చింది. 720కి 331. ఆ రోజు సాయంత్రం నువ్వు ఫోన్ చేసి "బాగానే రాశానమ్మా" అన్నావు. అప్పుడే నీ గొంతు నాకు తేడాగా అనిపించింది. అడగలేదు. అడగాల్సింది.

మార్కులు చూసి నేను ఏడ్వలేదు, నీ మీద కోపం కూడా రాలేదు. నువ్వు నాకు చెప్పలేకపోయావే అనే బాధతో మాత్రం రాత్రంతా నిద్ర పట్టలేదు. ఎందుకంటే అట్లా దాచిపెట్టడం ఎట్లుంటుందో నాకు తెలుసు. ఈ సంగతి నీకు ఎప్పుడూ చెప్పలేదు. 2001లో నేను పదో తరగతిలో లెక్కల్లో ఫెయిల్ అయ్యాను. అప్పుడు రిజల్ట్స్ పేపర్లో నంబర్లుగా పడేవి. నా నంబర్ లేదు. మీ అమ్మమ్మవాళ్ల ఇంట్లో నేను "నంబర్ అచ్చులో తప్పిపోయిందట" అని చెప్పాను. మా నాయిన నమ్మాడు. మూడో రోజు ఆ ఎండలో బడి దాకా నడిచి వెళ్లి హెడ్‌మాస్టర్‌ని అడిగాడు. ఇంటికొచ్చి చెప్పులు విడిచి, మంచినీళ్లు తాగి, నన్ను ఒక్క మాట అనలేదు. సప్లిమెంటరీ రాసి నేను పాసయ్యాను, ఆ తప్పు అక్కడితో పోయింది. కానీ మా నాయినను ఎండలో అంత దూరం నడిపించిన సంగతి ఇప్పటికీ నా లోపల ఉంది. నీకు అటువంటిది ఒక్కటి కూడా మిగలొద్దు బిడ్డా. ఎంత తక్కువ వచ్చినా ముందు నాకు చెప్పు. షీట్ నా ఫోన్‌కి రాకముందే నీ నోటి నుంచి రావాలి.

ఇప్పుడు మార్కుల సంగతి. నేను డాక్టరు చదువు చదవలేదు, కానీ పదిహేనేళ్లుగా అంగన్‌వాడీలో పిల్లల బరువు తూస్తున్నాను. ఒక నెల పిల్లాడి బరువు తగ్గి, చార్టులో చుక్క ఆకుపచ్చ నుంచి పసుపులోకి దిగితే మేము "ఈ పిల్లాడి పని అయిపోయింది" అని రాయం. జ్వరం వచ్చిందా, విరేచనాలయ్యాయా, తల్లి కూలికి పోయి పాలు మాన్పించిందా అని అడుగుతాం. నీ షీట్‌ను కూడా అట్లనే ముందు పెట్టుకున్నాను. ఫిబ్రవరిలో వచ్చిన షీట్ ఫోన్‌లోనే ఉంది, రెండూ పక్కపక్కన రాసి చూశాను.

ఫిబ్రవరిలో నీకు 434. అప్పుడు ఒప్పులు 116, తప్పులు 30, వదిలేసినవి 34. ఈసారి ఒప్పులు 98, తప్పులు 61, వదిలేసినవి 21. ఒప్పుల్లో తగ్గినవి 18. బయాలజీలో 74 నుంచి 66కి, కెమిస్ట్రీలో 23 నుంచి 20కి, ఫిజిక్స్‌లో 19 నుంచి 12కి. తగ్గిన మాట నిజం, తగ్గలేదని నేను అనను. కానీ తప్పులు రెట్టింపయ్యాయి చూడు. ఒక్కో తప్పుకు ఒక మార్కు పోతుంది కదా, 61 మార్కులు అక్కడే పోయాయి. ఫిజిక్స్‌లో 12 ఒప్పులకు 48 రావాలి, 25 తప్పులు తీసేస్తే 23 మిగిలింది.

ఆ 61 ఎందుకు తప్పయ్యాయో నాకు కాగితం మీద కనబడదు. నీకే తెలుసు. ఆ పేపర్ తీసి మూడు కుప్పలు వెయ్యి. అసలు చదవనివి ఒక కుప్ప. చదివి మరిచిపోయినవి ఒకటి. తెలిసి కూడా తొందరలో తప్పు బబుల్ దిద్దినవి ఒకటి. మూడో కుప్ప పెద్దగా ఉంటుందని నా మనసుకు తోస్తోంది. ఇంటర్ పరీక్షలు మొన్ననే అయిపోయాయి. ఇన్ని రోజులు పేజీలు పేజీలు జవాబులు రాసిన చేయి, వెంటనే మళ్లీ నిమిషానికో బిట్ చెయ్యమంటే ఎట్లా తిరుగుతుంది? పైగా ఈ ఏడాది నీట్‌లో సెక్షన్ బీ ఛాయిస్ తీసేశారు, 180 ప్రశ్నలూ రాయాల్సిందే, టైం 180 నిమిషాలే. నువ్వే నాకు చెప్పావు ఈ సంగతి. ఆ ఒక్క మాట అప్పటి నుంచి నిన్ను తరుముతోందని నాకు అనుమానం. టెస్ట్ ముందు రోజు, బుధవారం రాత్రి ఎన్ని గంటలకు పడుకున్నావు? రెండు దాటిందని నీ రూమ్మేట్ వాళ్ల అమ్మతో అన్నాడట, ఆమె నాకు చెప్పింది. నీట్ పరీక్ష మధ్యాహ్నం రెండు నుంచి ఐదు దాకా. ఆ టైంలో నీ కళ్లు తెరుచుకుని ఉండాలంటే రాత్రి పదకొండుకు పడుకోవాలి. ఈ ఒక్క విషయంలో మాత్రం నేను బతిమాలను, చెప్తున్నాను.

పరీక్ష మే 4. ఈ రోజు నుంచి సరిగ్గా 35 రోజులు. సార్ దగ్గరికి షీట్ పట్టుకుని వెళ్లు. "నాకు మార్కులు తక్కువ వచ్చాయి సార్" అనకు. "ఈ ఫిజిక్స్ లెక్కలు నాకు రావట్లేదు సార్" అను. అట్లా అడిగితే ఏ సారైనా కూర్చోబెట్టి చెప్తాడు. బయాలజీ 360 మార్కులు నీ బలం, దాన్ని ఫిజిక్స్ భయంతో పక్కన పెట్టకు.

ఇంకో సంగతి ఉంది. ఇది రాయడానికే నేను పొద్దున్నుంచి ఎదురుచూశాను, చెయ్యి ఆగుతోంది.

నువ్వు నాలుగో తరగతిలో ఉన్నప్పుడు మీ తాత నడుము పట్టుకుని "నేను డాక్టర్ అయి నీ నడుము సక్కగ చేస్తా తాతా" అన్నావు. అది నేను ఊరంతా చెప్పుకున్నాను. పెళ్లిళ్లలో చెప్పాను, సెంటర్‌కి వచ్చే తల్లులకు చెప్పాను, మీ మేనమామకు చెప్పాను. సంతోషంతోనే చెప్పాను. కానీ ఇప్పుడు ఆలోచిస్తే, నీ చిన్నప్పటి మాటను తీసుకుని నీ నెత్తి మీద మూటలాగా పెట్టింది నేనే. చిన్నా, తాత నడుము సరిచేసే డాక్టర్ ఎక్కడా లేడు. బోరు నీళ్లలోని ఫ్లోరైడ్‌తో వంగిన ఎముక మళ్లీ తిన్నగా కాదు. ఇది తాతకు తెలుసు, నాకు తెలుసు, నీకూ ఇప్పటికి తెలిసే ఉంటుంది. మన ఊరి పిల్లలను కాపాడింది కృష్ణా నీళ్లు. నీ పళ్ల మీద పసుపు చారలు ఉన్నాయి, చెల్లె పళ్లు చూడు, తెల్లగా ఉన్నాయి. నీళ్లు మారితే చాలు, అంత తేడా వచ్చింది. నీకు డాక్టర్ కావాలని ఉంటే, నీ కోసం కా. తాతకు ఇచ్చిన మాట కోసం కావొద్దు. నిన్న రాత్రి తాతతో ఈ మాటే అన్నాను. ఆయన "పోరని మీద నా నడుము ఎందుకు ఎక్కిస్తరు" అన్నాడు. ఆయన మాట ఆయన మాటగానే రాస్తున్నాను.

బర్రె సంగతి కూడా నీకు ఎవరో చెప్పారని తెలిసింది. అవును, అమ్మాము. సగం నీ ఫీజుకు పోయింది, సగం బత్తాయి తోటలో బోరు మోటర్ బాగు చేయించడానికి. అప్పు తీసుకోలేదు. ఇంకో బర్రె ఉంది, పాలు ఇస్తోంది. నువ్వు పేపర్ ముందు కూర్చుని ఈ లెక్కలు వెయ్యొద్దు, అవి మేము వేసుకుంటాం.

ఒకవేళ ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఏం చేద్దామో కూడా నేనూ మీ నాయినా మాట్లాడుకున్నాం. ఇదే నీట్ ర్యాంకుతో ఆయుర్వేదం ఉంది, హోమియోపతి ఉంది. ఎప్‌సెట్‌కి కూడా అప్లై చేశావు కదా, ఫార్మసీ, అగ్రికల్చర్ ఉన్నాయి. ఇంకో ఏడాది లాంగ్ టర్మ్ చదువుతానంటే అదీ మాట్లాడుకుందాం, కానీ హాస్టల్‌లోనా ఇంట్లోనా అనేది అప్పుడు నువ్వే చెప్పాలి. ఈ సంగతులన్నీ మే 4 తర్వాతే. ఇప్పుడు రాస్తున్నది ఎందుకంటే, ఆ రోజు తర్వాత కూడా మనకు రోజులు ఉన్నాయని నీకు తెలియాలి.

నాకు ఒక భయం ఉంది, దాచను. పేపర్లలో పిల్లల వార్తలు చదువుతుంటే నా చేతులు వణుకుతాయి. నీ మనసులో ఎప్పుడైనా చీకటిగా అనిపిస్తే, ఇంక వద్దు అనిపిస్తే, అర్ధరాత్రి అయినా సరే వార్డెన్‌ను లేపి ఫోన్ చెయ్యి. మాల్ ఊరి దాకా బండి మీద వచ్చి, అక్కడ దొరికిన బస్సు ఎక్కి తెల్లారేసరికి నీ దగ్గర ఉంటాం. నాతో చెప్పలేను అనిపిస్తే మా సెంటర్ గోడ మీద ఒక నంబర్ ఉంది, టెలిమానస్, 14416. పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. నీ నోట్ బుక్ చివరి పేజీలో రాసి పెట్టుకో. పరీక్ష మానేసి ఇంటికి వచ్చేస్తానన్నా తలుపు తీసే ఉంటుంది, ఎందుకొచ్చావని ఎవరూ అడగరు. నువ్వు లేని ఇంట్లో డాక్టర్ సర్టిఫికెట్ నేను ఏం చేసుకుంటాను బిడ్డా.

డబ్బాలో బక్షాలు పన్నెండు ఉన్నాయి, నీ రూమ్మేట్లకు కూడా పెట్టు. రెండు రోజుల్లో తినేయండి, ఎండలకు నిలవ ఉండవు. చిన్న సీసాలో మామిడికాయ తొక్కు, నూనె కారకుండా కవర్‌లో చుట్టాను. చెల్లె ఒక పెన్ను పంపుతోంది, నీట్‌కు పెన్ను వాళ్లే ఇస్తారని చెప్పినా వినలేదు, ప్రాక్టీస్‌కు వాడుకో అంటోంది.

నాయిన గేటు దగ్గర ఎక్కువ మాట్లాడడు, నీకు తెలుసు కదా. నీ మార్కులు చూసి ఆయన కూడా పొద్దున తోటకు పోకుండా చాలాసేపు మంచం మీదే కూర్చున్నాడు. ఆ తర్వాత "పిల్లాడు సన్నబడ్డాడేమో చూసి వస్తా" అని పట్నం ప్రయాణం పెట్టుకున్నాడు. ఆయన ముందు కాసేపు కూర్చో. భుజం మీద చెయ్యి వేస్తే వెయ్యనివ్వు.

బుధవారం సాయంత్రం ఫోన్ చెయ్యి. తిన్నావా అని అడుగుతాను. ఆ తర్వాత ఆ మూడు కుప్పల్లో ఏది పెద్దదో నువ్వే చెప్పు, నేను కాగితం, కలం పట్టుకుని కూర్చుంటాను. డబ్బా మాత్రం నాయినకే తిరిగి ఇచ్చెయ్యి.

మీ అమ్మ