మిర్చి కల్లం మీద అరపూట: వక్తలకు ఆహ్వానం

మేడికొండూరు, 28 నవంబర్ 2025

గౌరవనీయులైన శాస్త్రవేత్త గారికి, కోల్డ్ స్టోరేజీ మేనేజరు గారికి, కమీషన్ వ్యాపారి గారికి, సోలార్ డ్రయ్యర్ వాడుతున్న రైతు సోదరునికి నమస్కారం.

డిసెంబర్ 20, శనివారం ఉదయం మా సంఘం రైతులకు మిర్చి ఎండబెట్టడం, నిల్వ చేయడం మీద అరపూట వర్క్‌షాప్ పెడుతున్నాం. మీరు నలుగురూ వచ్చి మాట్లాడాలని కోరుతున్నాం. ఆ రోజు యార్డుకు సెలవు కాబట్టి వ్యాపారి గారికీ ఇబ్బంది ఉండదని శనివారం ఎంచుకున్నాం. మొదటి కోతలు జోరందుకునేలోపు ఈ మాటలు చెవిన పడితేనే ఉపయోగం.

విత్తనం, నల్లతామర, మందుల గురించి మావాళ్లు ఏడాది పొడవునా వింటూనే ఉన్నారు. కోసిన కాయ టిక్కీలోకి ఎక్కేదాకా ఏం జరుగుతుందో మాత్రం ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. కాయ విరగకుండా ఉండాలని బస్తా తొక్కే ముందు నీళ్లు చల్లడం ఇక్కడ మామూలు. ఆ తేమలోనే బూజు పడుతుంది, అఫ్లాటాక్సిన్ వస్తుంది. యూరప్‌కు వెళ్లే ఎండుమిర్చిలో మొత్తం అఫ్లాటాక్సిన్లు కిలోకు 10 మైక్రోగ్రాములు దాటకూడదు. ఆ లెక్క కల్లం మీదే మొదలవుతుందని రైతుకు అర్థం కావాలి. మా ఉద్దేశం అంతే.

కార్యక్రమం ఇలా అనుకున్నాం. 9 గంటలకు టిఫిన్, 9:45కు మొదలు. జ్యోతి ప్రజ్వలన, శాలువాలు, సన్మానాలు పెట్టుకోలేదు. ఏమీ అనుకోవద్దు, వాటికే గంట పోతుంది.

9:45 – 10:30: శాస్త్రవేత్త గారు. కాయ ఏ దశలో కోయాలి, తేమ 10–11 శాతానికి ఎలా దించాలి, మంచు పడే రాత్రుళ్లు పట్టా ఎప్పుడు కప్పాలి, ఎప్పుడు తీయాలి.

10:30 – 11:00: డ్రయ్యర్ వాడే రైతు. ఖర్చెంత, ఒక విడతకు ఎన్ని కిలోలు పడుతుంది, ఎక్కడ ఇబ్బంది పెట్టింది. లాభాలే కాదు, విసుగు తెప్పించినవి కూడా చెప్పండి. మావాళ్లు నమ్మేది దాన్నే.

11:00కు టీ. తర్వాత 11:15 నుంచి 12:15 దాకా అందరం కల్లం మీదికి వెళ్తాం. బాగా ఎండినవి, సగం ఎండినవి, నీళ్లు చల్లినవి మూడు కుప్పలు పోసి ఉంచుతాం. ఏది ఏదో చెప్పం. రైతులు ముందు చేత్తో నలిపి తేమ అంచనా కట్టాలి, ఆ తర్వాత మీటరు పెట్టి చూడాలి. ఈ గంట నలుగురూ కుప్పల దగ్గరే ఉండాలని ప్రత్యేకంగా అడుగుతున్నాం.

12:15 – 1:00: వ్యాపారి గారు, మేనేజరు గారు కలిసి. తాలు కాయలు ఎన్ని ఉంటే రేటు ఎంత తెగుతుంది, రంగు ఎలా చూస్తారు, ఎలాంటి సరుకు కోల్డ్ స్టోరేజీలో పాడవుతుంది. రైతులు సూటిగా, కొంచెం ఘాటుగానే అడుగుతారు. 1:30 దాకా ప్రశ్నలు, ఆ తర్వాత భోజనం. శనివారం కదా, శాకాహారమే.

వచ్చేది అరవై మంది దాకా. వాళ్లలో ఇరవై మంది కోత, గ్రేడింగ్ పనికి వెళ్లే ఆడవాళ్లు. తాలు ఏరేది వాళ్లే కాబట్టి ముందు వరుస కుర్చీలు వాళ్లకే. తెలుగులోనే, వాళ్లకు అందేలా మాట్లాడండి. హాల్లో ప్రొజెక్టరు, మైకు, ఇన్వర్టరు ఉన్నాయి. స్లయిడ్లు పది దాటొద్దు. అక్షరాల కన్నా ఫొటోలు మేలు.

స్థలం మేడికొండూరులో మా సంఘం గోదాము పైఅంతస్తు హాలు. మెట్లు ఎక్కలేనివారు ముందే చెబితే కింద షెడ్డులో ఏర్పాటు చేస్తాం. గుంటూరు నుంచి సత్తెనపల్లి వెళ్లే బస్సులు మేడికొండూరు మీదుగానే వెళ్తాయి. కారులో అయితే పేరేచర్ల దగ్గర నరసరావుపేట రోడ్డులోకి వెళ్లకుండా సత్తెనపల్లి రోడ్డు పట్టండి. బస్టాపు దగ్గరికి మా కుర్రాడు బండి మీద వస్తాడు. కారు నిలపడానికి గోదాము ఆవరణలో చోటుంది.

ఒక్కొక్కరికి గౌరవ వేతనం 2,000 రూపాయలు, దారిఖర్చులు విడిగా. రెండూ ఆ రోజే ఇచ్చేస్తాం.

మీరు వచ్చేదీ రానిదీ డిసెంబర్ 8, సోమవారం సాయంత్రం 6 గంటల లోపు, ఈ ఉత్తరం వచ్చిన వాట్సాప్ నంబరుకే తెలియజేయండి. వస్తుంటే ఏం చెబుతారో రెండు లైన్లు, బస్సులోనా కారులోనా, మీ మాటలు వీడియో తీసుకోవచ్చా, ఈ మూడూ రాయండి. స్లయిడ్లు 17వ తేదీకి అందితే చాలు. రావడం కుదరకపోతే మొహమాటపడకుండా 8వ తేదీలోపే చెప్పండి. 9న కరపత్రం ప్రింటుకు వెళ్తుంది, అప్పటికి ఇంకొకరిని అడగడానికి మాకు వీలుంటుంది.

ఇట్లు,
కార్యదర్శి,
మిర్చి రైతు ఉత్పత్తిదారుల సంఘం, మేడికొండూరు, గుంటూరు జిల్లా